సెంట్లు గుంటలయ్యేటప్పుడు: ఒక వీడియో స్క్రిప్ట్ జిల్లా దాటిన కథ

గుంటూరు, కృష్ణా వైపు రైతుల కోసం తీసిన ఆరు నిమిషాల వీడియో ఒకటి నా దగ్గరికి వచ్చింది. తండ్రి పేరున ఉన్న పొలాన్ని ముగ్గురు పిల్లలు పంచుకుంటే ఎవరికి ఎంత వస్తుంది, దాని విలువ ఎంత అనే లెక్క అందులో ఉంది. వీడియో బాగా ఆడింది కాబట్టి తెలంగాణకూ ఒకటి కావాలన్నారు. షరతు ఒక్కటే. ఏడు సీన్లూ ఏడే ఉండాలి, వరస మారకూడదు, ఒక్కో సీను నిడివి రెండు మూడు సెకన్లకు మించి పెరగకూడదు, తగ్గకూడదు. ఎడిటింగ్, సంగీతం అయిపోయాయి. కొత్తగా షూటింగ్‌కు డబ్బుల్లేవు. గొంతు మాత్రం మళ్లీ రికార్డు చేస్తారు, అవసరమైతే గ్రాఫిక్స్ మారుస్తారు.

"సెంటు అన్నచోట గుంట అని పెట్టేయండి, గంట పని" అన్నారు ఫోన్లో. నాలుగు రోజులు పట్టింది.

నేను మొదట చేసేది ఒక్క పదం కూడా ముట్టుకోకుండా పేజీని మూడు నిలువు గడులుగా గీసుకోవడం. ఎడమవైపు అసలు వాక్యం, కుడివైపు రాబోయే వాక్యం. మధ్య గడిలో ఆ వాక్యం అక్కడ చేస్తున్న పని ఏమిటో రాస్తాను. "సంక్రాంతికి ముగ్గురూ ఇంటికొచ్చారు" అనే వాక్యానికి మధ్య గడిలో "సంక్రాంతి" అని రాయను, "దూరాన ఉన్న తోబుట్టువులు ఒకచోట చేరడానికి కారణం" అని రాస్తాను. మారకూడనిది ఈ మధ్య గడి. నిర్మాణం అంటే నా ఉద్దేశం అదే. సీన్ల సంఖ్య దానికి పైకి కనిపించే రూపం మాత్రమే.

ఆ మొదటి వాక్యం దగ్గరే ఇరుక్కున్నాను. కోస్తాలో ఊరు విడిచిపోయిన వాళ్లంతా ఇంటికి చేరేది సంక్రాంతికి. తెలంగాణలో ఆ పండుగ దసరా. బతుకమ్మకు ఆడబిడ్డలు వస్తారు, దసరాకు అందరూ ఊళ్లోనే ఉంటారు. కాబట్టి సంక్రాంతి తీసేసి దసరా పెడితే సరిపోతుందనిపిస్తుంది. కానీ అదే సీనులో, పన్నెండో సెకను దగ్గర, ముగ్గురూ పొలంలో కొలత గొలుసు పట్టుకుని నిలబడతారు. కాళ్ల కింద కోసిన వరి మొదళ్లు, వెనకాల వరి కుప్ప. దసరా నాటికి వానాకాలం వరి ఇంకా పొలంలోనే ఉంటుంది, కంకి మీద ఉంటుంది. నిలిచిన పైరులో గొలుసు లాగే రైతు ఎక్కడా ఉండడు. పండుగ పేరు మార్చడంతో బొమ్మ అబద్ధమైపోయింది. చూసేవాడు దీన్ని మాటల్లో పెట్టలేకపోవచ్చు గానీ, వీళ్లెవరికో వ్యవసాయం తెలియదని మొదటి అర నిమిషంలోనే అనుకుంటాడు.

సంక్రాంతినే ఉంచి కోడిపందేలు తీసి పతంగులు పెట్టొచ్చు. అప్పుడు బొమ్మ నిజమవుతుంది గానీ ఇంటికి చేరడమనే బరువు తగ్గుతుంది. చివరికి ఇలా రాశాను: "దసరాకు మాట అనుకున్నారు. కోతలయ్యాక గొలుసు పట్టుకున్నారు." అసలు వాక్యం కన్నా మూడు పదాలు ఎక్కువ. కలిసింది ఒకప్పుడు, కొలిచింది ఇంకొకప్పుడు, కాబట్టి బొమ్మా మాటా రెండూ నిలిచాయి. ఆ మూడు పదాల చోటు కోసం "చల్లని సాయంత్రం వేళ" అనే పొడి మాటను తీసేశాను.

ఇక అసలు విషయం, కొలతలు. మూడో సీనులో ఎకరం అంటే ఏమిటో చూపిస్తారు. తెరమీద ఒక చదరం వస్తుంది, అడ్డం పది, నిలువు పది గళ్లు పడతాయి, మొత్తం వంద. ఒక్కో గడి ఒక సెంటు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. ఎకరం రెండు చోట్లా 4,840 చదరపు గజాలే. తేడా అంతా లోపల పడే ముక్కల్లో ఉంది. సెంటు 48.4 గజాలు, గుంట 121 గజాలు. పాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న జిల్లాలకు సెంటు, నిజాం రాజ్యంలో ఉన్న జిల్లాలకు గుంట అలవాటుగా మిగిలాయి.

గ్రాఫిక్స్ చేసే అబ్బాయి అదే చదరాన్ని నలభై ముక్కలుగా కోసి పంపాడు. గళ్లు సన్నగా, పొడుగ్గా, రిబ్బన్లలా వచ్చాయి. లెక్క తప్పు లేదు, కానీ గుంట అలా ఉండదు. గుంట అంటే 33 అడుగులకు 33 అడుగులు, అంటే 66 అడుగుల సర్వే గొలుసులో సగం పొడవు, సగం వెడల్పు. పొలం తెలిసిన మనిషి గుంటను ఊహించుకునేది ఆ చదరంగానే. అందుకని ఎకరాన్నే పొడవు చేశాం. అడ్డం ఎనిమిది గుంటలు, నిలువు అయిదు గుంటలు, అంటే 264 అడుగులకు 165 అడుగులు. గుణిస్తే 43,560 చదరపు అడుగులు, సరిగ్గా ఎకరం. పైగా టీవీ తెరకు చదరం కన్నా ఈ ఆకారమే బాగా నప్పింది. గళ్లు వంద నుంచి నలభైకి తగ్గాయి కాబట్టి నింపే వేగం తగ్గించాం. సీను నిడివి అంతే ఉంది.

"గుంట అంటే రెండున్నర సెంట్లు" అని ఒక మాట పెట్టమని అడిగారు. వద్దన్నాను. పక్క ప్రాంతం కొలతలోకి మార్చి చెప్పడం వల్ల కరీంనగర్ రైతుకు ఒరిగేదేమీ లేదు, తలలో ఇంకో లెక్క పెరుగుతుంది అంతే. హైదరాబాద్‌లో ఉంటూ తెనాలి దగ్గర పొలం ఉన్న వాళ్ల కోసం తీసే వీడియో అయితే ఆ మాట తప్పకుండా కావాలి. అయితే అది వేరే ప్రేక్షకులు, వేరే స్క్రిప్ట్.

నాలుగో సీను నుంచి అంకెలు ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. అసలు స్క్రిప్ట్‌లో పొలం ఎకరంన్నర, అంటే 150 సెంట్లు. బండ్ల బాటకు 15 సెంట్లు వదిలితే 135 మిగులుతుంది. ముగ్గురికి తలా 45 సెంట్లు. సెంటు 60 వేలు చొప్పున ఒక్కో వాటా 27 లక్షలు. వీటిని గుంటల్లోకి మార్చితే 60 గుంటలు, బాటకు 6, మిగిలింది 54, తలా 18. సెంటు 60 వేలంటే గుంట లక్షన్నర. 18 గుంటలు, లక్షన్నర, 27 లక్షలు. అన్నీ పూర్తి అంకెలే వచ్చాయి. అయిదు సెంట్లకు సరిగ్గా రెండు గుంటలు కాబట్టి, అసలు అంకెలన్నీ అయిదుతో పోయేవి కావడం నా అదృష్టం. పైగా నోటితో చెప్పేటప్పుడు "లక్షన్నర" అనేది "అరవై వేలు" కన్నా పొట్టి.

అదృష్టం చెల్లెలి దగ్గర ఆగింది. అయిదో సీనులో ఆమె తన వాటాలోంచి ఇంటి స్థలానికి 4 సెంట్లు పక్కన పెట్టుకుంటుంది. మిగిలింది 41 సెంట్లు, విలువ 24 లక్షల 60 వేలు. 4 సెంట్లంటే 1.6 గుంటలు. తెలంగాణ పల్లెలో "ఒకటీ పాయింట్ ఆరు గుంటలు" అని ఎవరూ అనరు. ఇంటి జాగా మాట వస్తే గజాల్లోకి వెళ్లిపోతారు, రెండు వందల గజాలు అంటారు. 4 సెంట్లు 193.6 గజాలు కాబట్టి రెండు వందలు దగ్గరి అంకే. కానీ గజాలు తెస్తే తర్వాతి తీసివేతలో గుంటలూ గజాలూ కలిసిపోయి, ఒక్క సీనులోనే రెండు కొలతలు వస్తాయి. ఆ సీను మధ్య గడిలో నేను రాసుకున్నది "మొత్తంలోంచి చిన్న ముక్క తీస్తే విలువ ఎలా తగ్గుతుందో చూపాలి" అని. ఆ ముక్క కచ్చితంగా 193.6 గజాలే అయి తీరాలని ఎక్కడా లేదు. రెండు గుంటలు చేశాను. 18లో 2 పోతే 16 గుంటలు, విలువ 24 లక్షలు.

ఇక్కడ కొత్తవాళ్లు భయపడతారు, అసలు స్క్రిప్ట్‌లో ఉన్న అంకెను మార్చేశామేమోనని. చట్టంలోనో రికార్డులోనో ఉన్న అంకెను మార్చకూడదు. ఎకరానికి ఎన్ని గుంటలు అన్నది నా ఇష్టం కాదు. ఉదాహరణ కోసం కల్పించిన అంకె మాత్రం నోట్లో సులువుగా తిరగడానికీ, మనసులో లెక్క వేసుకోవడానికీ పెట్టింది. మార్చాక కూడా ఆ గుణం మిగలాలి. ముట్టుకునే ముందు ఆ అంకె ఈ రెండింట్లో ఏ రకమో తేల్చుకుంటే చాలు.

అసలు పొరపాటు నేను చేసింది వేరే. అయిదో సీనులో 24 లక్షల 60 వేలను 24 లక్షలు చేశాను, గ్రాఫిక్ మార్పించాను. ఏడో సీనులో, ముగింపు మాటల మధ్య, "చెల్లెలి చేతికి ఇరవై నాలుగు లక్షల అరవై వేలు" అని ఇంకోసారి వస్తుంది. అది చూసుకోలేదు. రికార్డింగ్ గదిలో గొంతు చెప్పే ఆవిడ ఆగి, "ఈ అరవై వేలు ఎక్కడి నుంచి వచ్చాయండీ?" అని అడిగింది. అప్పటి నుంచి ఏ స్క్రిప్ట్ తీసుకున్నా ముందు అందులోని అంకెలన్నీ ఒక కాగితం మీద రాసుకుంటాను. ఏ అంకె దేనిలోంచి పుట్టింది, ఇంకా ఎక్కడెక్కడ కనిపిస్తుంది అని గీతలు కలుపుతాను. వీడియో ముఖచిత్రం మీద ఉన్న అంకెను కూడా వదలను, ఎందుకంటే మర్చిపోయేది ఎక్కువగా దాన్నే.

ఆరో సీను నాకు అన్నిటికన్నా నచ్చింది. అసలు స్క్రిప్ట్‌లో అది "అందరూ చేసే ఒక తప్పు". పాస్‌బుక్‌లో 1.5 అని ఉంటే ఒక ఎకరం అయిదు సెంట్లు అనుకుంటారు, అది 1.50 అంటే ఎకరంన్నర, అయిదు సెంట్లయితే 1.05 అని ఉండాలి అని వివరిస్తుంది. తెలంగాణలో ఎకరంన్నరను 1.20 అని రాస్తారు. చుక్క తర్వాత ఉన్నది గుంటలు. అది దశాంశం కాదు, ఎకరాలనూ గుంటలనూ విడదీసే గుర్తు మాత్రమే. కాబట్టి అసలు సీనులోని తప్పు ఇక్కడ ఆ రూపంలో ఉండదు. ఉన్నదున్నట్టు అనువదిస్తే ఎవరికీ అక్కర్లేని జాగ్రత్త చెప్పినట్టవుతుంది.

అలాగని సీను తీసేయడానికి వీల్లేదు, ఏడు సీన్లు ఉండాలి. మళ్లీ మధ్య గడి చూశాను. "చుక్కను తప్పుగా చదివితే డబ్బు నష్టం" అని ఉంది. అలాంటి తప్పు తెలంగాణలోనూ ఉంది, ఇంకా పెద్దది. 1.20 అంకెను యథాతథంగా కాలిక్యులేటర్‌లో కొట్టడం. ఎకరం 60 లక్షలైతే కాలిక్యులేటర్ 72 లక్షలు చూపిస్తుంది. నిజంగా ఎకరంన్నరకు 90 లక్షలు రావాలి. చుక్క దగ్గర 18 లక్షలు పోయాయి. కూడికలోనూ అంతే. 1.20, 1.25 కలిపితే మెషీన్ 2.45 అంటుంది. అసలు లెక్క 3 ఎకరాల 5 గుంటలు. సీను పని అదే, ఊపు అదే, లోపలి తప్పు మాత్రం ఈ నేల మీద పుట్టింది. అసలు వీడియోకన్నా ఈ సీనే బాగా కుదిరిందని నా అభిప్రాయం.

మన పని సరిగ్గా జరిగిందో లేదో పట్టుకునే చిట్కా కూడా ఇందులోనే ఉంది. మెషీన్ తప్పుగా చూపే ఆ 2.45 తప్ప, తెలంగాణ స్క్రిప్ట్‌లో ఎక్కడైనా చుక్క తర్వాత 39 కన్నా పెద్ద అంకె కనిపిస్తే అది మార్చడం మర్చిపోయిన సెంటే. నలభై గుంటలైతే ఎకరం అయిపోతుంది కదా. కానీ 39 లోపు అంకెలను ఈ చిట్కా పట్టలేదు. 2.20 అంటే అక్కడ రెండు ఎకరాల ఇరవై సెంట్లు, ఇక్కడ రెండున్నర ఎకరాలు. రెండు చోట్లా సహజంగానే కనిపిస్తుంది. అలాంటివి ఒక్కొక్కటి చేత్తో చూడాల్సిందే.

పేరు వేరైన కొలత కన్నా పేరు ఒకటే అయిన కొలత ఎక్కువ ముంచుతుంది. ఇదే వీడియోలో దిగుబడి గురించి ఒక చిన్న మాట ఉంది, ఎకరానికి 35 బస్తాలని. కోస్తాలో వడ్ల బస్తా అంటే 75 కిలోలు, కాబట్టి 26 క్వింటాళ్ల పైన. తెలంగాణలో కొనుగోలు కేంద్రానికి వడ్లు తోలే రైతుకు బస్తా అంటే 40 కిలోల సంచి. అతని చెవిలో అది 14 క్వింటాళ్లు, అంటే పంట పోయినట్టే. వాక్యంలో ఒక్క పదం కూడా తెలియనిది లేదు, అందుకే ఎవరూ అనుమానించరు. క్వింటాళ్లలోకి మార్చి "ఎకరానికి 26 క్వింటాళ్లు" అని రాశాను. అంకణం ఇంకా మొండిది. ఊరిని బట్టి 36 చదరపు అడుగులూ అవుతుంది, 72 కూడా అవుతుంది. నెల్లూరు వైపు నుంచి వచ్చిన స్క్రిప్ట్‌లో అది కనిపిస్తే రాసినవాళ్లకు ఫోన్ చేసి ఏ అంకణమో అడగడం తప్ప దారి లేదు.

ఇక నుడికారం. చాలామంది మొదట చెయ్యి పెట్టేది దీని మీదే, నేను చివరికి వస్తాను. ఎందుకంటే ఇక్కడ మార్చాల్సింది అనుకున్నంత ఉండదు. "అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా" అనే సామెత రెండో సీనులో ఉంది. అది రెండు వైపులా ఇంటి మాటే. "కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు" అనే మాటను తీసేయమని ఒకాయన పట్టుబట్టాడు, గోదారి ఆంధ్రాది కదా అని. కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వచ్చి, బాసర, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం దాటాకే కదా అది రాజమండ్రి చేరేది! ఉంచేశాం.

మార్చినవి కాగితాలకూ ఇంటికీ సంబంధించిన మాటలు. అడంగల్ అన్నది పహాణీ అయింది. సర్వే కొలతల పుస్తకం ఎఫ్‌ఎంబీ స్థానంలో టిప్పన్ వచ్చింది. "కరణం గారి లెక్క" అనే విసురు "పట్వారీ లెక్క" అయింది. కరణాల పదవులు 1984లోనే పోయినా మాటల్లో ఇంకా బతికే ఉన్నారు, పట్వారీలూ అంతే. ఇంటి ఆడపడుచు ఆడబిడ్డ అయింది. "తగువు పడ్డారు" అన్నచోట "పంచాయితీ పెట్టుకున్నారు" అని రాశాను. పందెం కోళ్లలా కాలు దువ్వారన్న పోలిక ముగ్గురి ముఖాల మీద వస్తుంది, తెరమీద కోడి లేదు. కాబట్టి పొట్టేళ్లలా తలలు వంచారని మార్చడానికి అడ్డు రాలేదు. కోడి బొమ్మే ఉండి ఉంటే కోడినే ఉంచేవాణ్ణి. మాట ఒకటి, బొమ్మ ఒకటి అయితే ఏ పోలికా పనిచేయదు.

యాస మాత్రం పెట్టలేదు. క్రియలన్నీ "చేసిండు, పోయిండు" అని మార్చమని సలహా వచ్చింది. గొంతు చెప్పే ఆవిడది విజయవాడ. పక్క యాసను పలికేవాళ్లు ఒక్క అక్షరం జారినా అది వెక్కిరింతలా వినిపిస్తుంది. వాక్యం మామూలు రాత తెలుగులోనే ఉండి, లోపలి పేర్లూ కొలతలూ మాత్రం ఊరివైతే వినేవాడికి అది చాలు. నిజంగా యాసే కావాలంటే ఆ యాసలో పుట్టినవాళ్లే రాయాలి, వాళ్లే చదవాలి.

ఆడబిడ్డకు సమాన వాటా అనే మాటను అసలు ముట్టుకోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1985 నుంచే హిందూ వారసత్వ చట్టానికి ఆ సవరణ ఉంది, కేంద్రం 2005లో దేశమంతటికీ తెచ్చింది. రెండు వైపులా చట్టం ఒక్కటే.

ఈ పద్ధతి ఎక్కడ చేతులెత్తేస్తుందో కూడా ఇదే పనిలో తెలిసింది. ఈ వీడియోకు తోడుగా ఇంకోటి ఉంది, పంచుకున్నాక రిజిస్ట్రేషన్ ఎలా అని. దానికీ ఇలాగే చేయమన్నారు. ఆంధ్రలో పొలం రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, పట్టా మార్పు రెవెన్యూ వాళ్ల దగ్గర. తెలంగాణలో 2020లో ధరణి వచ్చినప్పటి నుంచి సాగు భూమికి రెండు పనులూ తహసీల్దార్ ఆఫీసులోనే. ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చాక తెరమీద చూపే పేజీలు కూడా మారాయి. అక్కడ రెండు మెట్లు, ఇక్కడ ఒకటే మెట్టు. మధ్య గడిలో రాసుకున్న పనే లేకుండా పోయినప్పుడు సీను పేరుకే మిగులుతుంది. ఆ వీడియోను మార్చడం కుదరదు, కొత్తగా రాయాలి అని చెప్పి తిరిగి పంపేశాను.

మొదటి వీడియో పూర్తయ్యాక బొమ్మ లేకుండా, గొంతు మాత్రమే, జనగామ వైపు ఒక పెద్దాయనకు వినిపించాం. అర్థమైందా అని అడగలేదు. అలా అడిగితే ఎవరైనా అయిందనే అంటారు. విని, లెక్క మాకు తిరిగి చెప్పమన్నాం. అరవై గుంటలు, బాటకు ఆరు, తలా పద్దెనిమిది అని గడగడా చెప్పి, ఆగాడు.

"బాటకు ఆరు గుంటలు ఇడిశిపెట్టిండ్రు సరే. అది రికార్డుల ఖరాబు కింద ఉన్నదా, మీరే ఇడిశిపెట్టిండ్రా?"

సాగుకు పనికిరాని భాగాన్ని తెలంగాణ పహాణీలో ఖరాబుగా విడిగా చూపిస్తారు. బాట ముందే అందులో పోయి ఉంటే మిగిలిన పొలంలోంచి మళ్లీ తీయకూడదు, వాటా పద్దెనిమిది కాదు, ఇరవై అవుతుంది. అసలు స్క్రిప్ట్‌లో ఈ ప్రశ్నే లేదు. నాలుగో సీనులో "బాటకు ఆరు గుంటలు వదిలారు" అన్న వాక్యాన్ని "ముగ్గురూ ఒప్పుకుని బాటకు ఆరు గుంటలు వదిలారు" అని మార్చి, ఆ ఒక్క ముక్క కోసం ఆవిడను మళ్లీ రికార్డింగ్‌కు పిలిపించాం.